మెయిలు అడుగున ఆ హెచ్చరిక: పనికొచ్చేదెంత, పనికిరానిదెంత?

2021 సెప్టెంబరు 20న బ్రిటన్ రక్షణ శాఖ నుంచి ఒక మెయిలు వెళ్లింది. అఫ్గానిస్థాన్‌లో బ్రిటిష్ సేనలకు సాయపడి, తాలిబన్ల చేతికి చిక్కకుండా దేశం దాటాలని చూస్తున్నవారికి రాసిన మెయిలు అది. చిరునామాలన్నీ బీసీసీ గడిలో పెట్టాల్సింది, ‘టు’ గడిలో పెట్టారు. 245 మంది చిరునామాలు ఒకరివి ఒకరికి కనబడిపోయాయి. ఇద్దరు అందరికీ వెళ్లేలా జవాబిచ్చారు, అందులో ఒకరు తానెక్కడున్నదీ రాసేశారు.

మెయిలు తీసేయండి, చిరునామా మార్చుకోండి అని ఆ శాఖ అందరినీ వేడుకుంది. వెళ్లిపోయిన మెయిలు విషయంలో పంపినవారి చేతిలో ఉండేది ఆ విన్నపమే. 2023 డిసెంబరులో అక్కడి సమాచార కమిషనర్ ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా వేశారు. ఇలాంటి పొరపాటు జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకోలేదన్నది అభియోగం.

ఆఫీసు మెయిళ్ల అడుగున కనిపించే హెచ్చరికలు ఈ విన్నపాన్నే ఆజ్ఞలా వినిపిస్తాయి. ‘ఇది గోప్యం. మీకోసం కాకపోతే చదవడం, కాపీ తీయడం, ఇతరులకు పంపడం నిషిద్ధం’ అంటాయి. అక్కడిదాకా వచ్చేసరికి పైనున్నదంతా ఎలాగూ చదివేసి ఉంటారు. నిషేధించిందెవరు అంటే, పంపినవారే. దారిన పోయే మనిషికి ఒక కాగితం అందించి, దాన్ని పుచ్చుకున్నందుకు ఫలానా షరతులకు కట్టుబడ్డావు అనడం కుదరదు.

ఈ సంగతి 1862లోనే ఇంగ్లండు కోర్టులో తేలింది. ఫెల్ట్‌హౌస్ అనే పెద్దమనిషి తన సోదరుడి కొడుకు గుర్రాన్ని కొనాలనుకుని ఉత్తరం రాశాడు. నీ దగ్గర్నుంచి ఇంకేమీ కబురు రాకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకు గుర్రం నాదే అనుకుంటాను అన్నాడు. అబ్బాయి జవాబివ్వలేదు. ఇంతలో వేలంపాటదారు పొరపాటున ఆ గుర్రాన్ని వేరేవారికి అమ్మేశాడు. పెద్దాయన కోర్టుకెక్కితే, మౌనాన్ని అంగీకారంగా ఎదుటివారి మీద రుద్దలేమని కోర్టు తేల్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా ఒప్పందానికి ప్రతిపాదన, అంగీకారం రెండూ కావాలి.

అలాగని ఆ హెచ్చరిక పూర్తిగా దండగ కాదు. లాయరుకూ క్లయింటుకూ మధ్య నడిచిన మాటలకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ ఇద్దరి మధ్య ఉన్న వృత్తి సంబంధం నుంచి వస్తుంది, మెయిలు అడుగున రాసిన వాక్యం నుంచి కాదు. అయితే అలాంటి మెయిలు ఎదుటి పక్షం లాయరుకు చేరినప్పుడు, అది రహస్యమని ఆయనకు తెలుసు అని చూపించడానికి ఆ వాక్యం సాక్ష్యంగా అక్కరకొస్తుంది. మధ్యాహ్న భోజనానికి పిలిచే మెయిలుకూ అదే తగిలిస్తే ఆ సాక్ష్యం బలం తగ్గుతుంది.

‘ఈ మెయిలు ఒప్పందం కాదు’ అన్న వాక్యం సంగతి వేరు. సంతకాలయ్యేదాకా ఏదీ ఖరారు కాదని ఇరుపక్షాలూ మొదట్లోనే స్పష్టంగా అనుకుంటే దానికి విలువుంటుంది. అలా కాకుండా, మెయిళ్లలోనే బేరం ముగిస్తే చిక్కే. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైటు వ్యవహారంలో జరిగిందిదే. 2007 అక్టోబరు 15న మెయిలులో ప్రతిపాదన వెళ్లింది. మర్నాడే ఐదు ఓడల సరుకుకు అంగీకారం వచ్చింది. లాంఛనంగా ఒప్పందపత్రం మీద సంతకాలు కాకపోయినా ఒప్పందం కుదిరినట్టేనని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అనువాదం. తెలుగులో ఈ హెచ్చరికలు ‘ఉద్దేశించిన గ్రహీత’, ‘ప్రత్యేక హక్కు కలిగిన సమాచారం’ అంటూ సాగుతుంటాయి. ఈ రెండో మాట చదివినవారికి ఎవరికో ఏదో రాయితీ ఉందనిపిస్తుంది. అసలు అర్థం, లాయరుకూ క్లయింటుకూ మధ్య జరిగినది గనక బయటపెట్టమని బలవంతం చేయలేని సమాచారం అని. కాబట్టి అనువాదకులు ముందుగా అడగాల్సింది, పంపేది లాయరు ఆఫీసేనా అని. కాకపోతే ఆ వాక్యం తీసేయమని సంస్థకు చెప్పాలి.

మిగతా వాక్యాల్లో విన్నపమేది, చట్టం కోరినదేది అని విడదీయాలి. బ్రిటన్ కంపెనీలు వ్యాపార మెయిళ్లలో రిజిస్టరైన పేరు, నంబరు, ఆఫీసు చిరునామా చూపించి తీరాలి. అవి ఉన్నవి ఉన్నట్టు ఉండాలి, పేరును తెలుగు చేయకూడదు. విన్నపాన్ని మాత్రం విన్నపంలాగే రాయవచ్చు: ‘ఈ మెయిలు పైన పేరున్నవారి కోసం రాసింది. పొరపాటున మీకు వస్తే దయచేసి మాకు తెలియజేసి, తీసేయండి. ఇంకెవరికీ పంపకండి.’

నిజంగా రహస్యమైన సంగతైతే ఆ ముక్క అడుగున కాదు, మొదటి వరుసలో ఉండాలి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఫోనులో చెప్పండి. ‘పంపు’ నొక్కేముందు చిరునామా గడి మరోసారి చూసుకోండి.