ఏసీ వారంటీకి 5,900: ఆ అంకె ఎక్కడ పుట్టింది?

ఏసీ బేరం కుదిరి కార్డు తీసేలోపు కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒక మాట వేస్తాడు. "సార్, ఇంకో 5,900 కట్టారంటే మొదటి ఏడాది తర్వాత కూడా మూడేళ్లు మీకు చింత ఉండదు. బోర్డు ఒక్కటి పోయినా ఎనిమిది వేలు." అతను చెప్పిన రిపేరు ఖర్చు అబద్ధమేమీ కాదు. మనకు మాత్రం వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: నా ఏసీ పాడవుతుందా, అవదా? దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ 5,900 నిర్ణయించినవాళ్లకు మీ ఒక్క ఏసీతో పని కూడా లేదు. వెయ్యి ఏసీలు అమ్ముడైతే ఏ ఏడు ఎన్ని పాడవుతాయి, ఒక్కోదాన్ని బాగు చేయడానికి ఎంతవుతుంది అన్నదే వాళ్ల లెక్క. ఆ లెక్క మనమూ వేసుకోవచ్చు, కూడికలూ గుణకారాలూ వస్తే చాలు.

నలభై వేల ఖరీదు చేసే ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ తీసుకుందాం. మొదటి ఏడాది కంపెనీదే పూర్తి వారంటీ. కంప్రెసర్‌కు పదేళ్లు ఇవ్వడం ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి, జనం అన్నిటికన్నా ఎక్కువ భయపడే ఆ భాగం ఈ లెక్కలోకే రాదు. రెండో ఏడు నుంచి నాలుగో ఏడు దాకా మిగిలేవి ప్రధానంగా మూడు. మొదటిది గ్యాస్ లీకు. రాగి కాయిల్‌కో, గొట్టాల జాయింటుకో సన్నని చిల్లు పడుతుంది. రెండోది బోర్డు, అంటే పీసీబీ. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కాలిపోతుంది. ఔట్‌డోర్ యూనిట్‌లో దూరిన బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడి చచ్చినా కాలిపోతుంది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ మెకానిక్కులకు ఇది మామూలు కేసు. మూడోది ఫ్యాను మోటారు, సెన్సార్ లాంటి చిన్న రిపేర్లు.

ఇక్కడి నుంచి వేసే అంకెలు లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి నేను అనుకున్నవి. అసలువి కంపెనీల దగ్గరే భద్రంగా ఉంటాయి. వెయ్యి ఏసీలలో రెండో ఏడు 40, మూడో ఏడు 50, నాలుగో ఏడు 70 లీకయ్యాయనుకుందాం. మొత్తం 160. లీకు ఎక్కడుందో పట్టి, వెల్డింగ్ చేసి, గ్యాస్ నింపితే కొన్ని తక్కువలోనే తేలిపోతాయి. కొన్నిటికి కాయిలే మార్చాలి. సగటున 5,000 వేసుకుంటే 8 లక్షలు. బోర్డులు మూడేళ్లలో 120 పోతాయి, ఒక్కోటి 8,000 చొప్పున 9 లక్షల 60 వేలు. చిన్న రిపేర్లు మరో 120, రెండేసి వేల చొప్పున 2 లక్షల 40 వేలు. అన్నీ కలిపితే సరిగ్గా 20 లక్షలు. వెయ్యి మందికి పంచితే మనిషికి 2,000.

ఈ రెండు వేలే అసలు ప్రమాదం ఖరీదు. అది 5,900 ఎలా అయిందో చూడాలి.

మెకానిక్ వచ్చే ప్రతిసారీ ఏదో పాడైందని కాదు. "చల్లగా రావడం లేదు" అని ఫోన్ వస్తుంది, వెళ్లి చూస్తే ఫిల్టరు నిండా దుమ్ము. అయినా అతని రాకపోకల ఖర్చు కంపెనీదే. దానికి తలా 200 పడుతుంది. నాలుగో ఏడు వాడబోయే బోర్డు ధర ఇవాళే ఎవరికీ తెలియదు. పైగా అనుకున్నదానికన్నా ఎక్కువ పాడవ్వొచ్చు. అందుకని పది శాతం పక్కన పెడతారు. దాంతో 2,420 అయింది. కాల్ సెంటరు, కాగితాల ఖర్చు 180 కలిపితే 2,600. ఆ తర్వాత వచ్చేది పెద్ద ముక్క, దుకాణం కమీషన్. పన్నుకు ముందు ధరలో అది నలభై శాతం, వారంటీ కంపెనీ లాభం ఎనిమిది శాతం అనుకుంటే, 2,600 అన్నది మిగిలిన యాభై రెండు శాతానికి సమానం కావాలి. అంటే ధర 5,000. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 900. వెరసి 5,900.

ఈ లెక్కలో రిపేరుకు వెళ్లేది రెండు వేలు, అమ్మిపెట్టినందుకు దుకాణానికి వెళ్లేదీ రెండు వేలే. ఏసీ ధర మీద దుకాణాల మధ్య పోటీ ఉంటుంది, మనం నాలుగు చోట్ల అడిగి బేరమాడతాం. వారంటీ మాట మాత్రం బేరమంతా అయ్యాక బిల్లు దగ్గర మొదలవుతుంది. అప్పుడు పక్క దుకాణానికి వెళ్లి వారంటీ ధర కనుక్కునేవాళ్లు ఎవరుంటారు? బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల కమిషన్ 2003లో దీన్ని విచారించి, ఈ బజారులో పోటీ సరిగా నడవడం లేదని తేల్చింది. 2005 నుంచి అక్కడి దుకాణాలు వస్తువు ధర పక్కనే వారంటీ ధర కూడా చూపించాలి. కొన్నవాళ్లకు వద్దనుకుంటే రద్దు చేసుకోవడానికి 45 రోజుల గడువు ఇవ్వాలి.

ఇంతవరకూ కూడికలే. కష్టమంతా ఆ 40, 50, 70 అనే సంఖ్యలను రాబట్టడంలో ఉంది. మొదటి ఏడాది ఏసీకి ఏం జరిగినా జనం కంపెనీకే ఫోన్ చేస్తారు, ప్రతి రిపేరూ రికార్డవుతుంది. వారంటీ అయిపోయిన మర్నాటి నుంచి వీధి చివరి మెకానిక్‌ను పిలుస్తారు, అతని లెక్కలు ఏ కంప్యూటర్‌లోకీ ఎక్కవు. అంటే కంపెనీకి బాగా తెలిసింది మొదటి ఏడు, అమ్మేదేమో తర్వాతి మూడేళ్లు. ఈ ఖాళీని పూరించడానికి స్వీడన్ ఇంజనీరు వలోడీ వైబుల్ పేరుతో ఉన్న సూత్రాన్ని వాడతారు. 1951లో ఆయన రాసిన వ్యాసంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో ఒక అంకె ఉంటుంది. అది ఒకటి కన్నా తక్కువైతే పాడవడం వయసుతో పాటు తగ్గుతుంది, ఒకటైతే ఎప్పుడూ ఒకే తీరు, ఒకటి దాటితే వయసుతో పెరుగుతుంది. ఫ్యాక్టరీలో సరిగా అతకని సోల్డరింగు లాంటి లోపాలు మొదటి నెలల్లోనే బయటపడి, ఆ తర్వాత తగ్గిపోతాయి. కాయిల్ తుప్పు దీనికి పూర్తిగా తలకిందులు, ఏటికేడు పెరుగుతుంది. మొదటి ఏడాది రికార్డు మాత్రమే చూసి "ఈ మోడల్‌కు లీకులు తక్కువ" అని ధర తగ్గించిన కంపెనీకి దెబ్బ నాలుగో ఏట తగులుతుంది. అప్పటికి మూడేళ్లుగా అదే ధరకు అమ్మేసి ఉంటుంది.

ఊరు మారితే లెక్కా మారుతుంది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటి ఔట్‌డోర్ యూనిట్ మీద ఉప్పుగాలి చేసే పని కరీంనగర్‌లో ఉండదు. తీరంలో లీకులు రెట్టింపు, అంటే 160 బదులు 320 అనుకుంటే తలసరి రిపేరు ఖర్చు 2,800 అవుతుంది. ధర రెండు ఊళ్లలోనూ 5,900 అయితే, బీచ్ రోడ్డులో ఉండి ఒకసారి కాయిల్ మార్పించుకున్నవాళ్లు ఎగబడి కొంటారు, కరీంనగర్‌వాళ్లు వద్దంటారు. కొన్నవాళ్లలో తీరంవాళ్లు పెరిగేకొద్దీ సగటు ఖర్చు పెరుగుతుంది, దాంతో ధర పెంచాలి. పెంచితే మిగిలిన లోపలి ఊళ్లవాళ్లు కూడా తప్పుకుంటారు. బీమా లెక్కలు వేసేవాళ్లకు నిద్రపట్టనివ్వని చిక్కు ఇదే.

దీనికి న్యాయమైన మందు ఊరినిబట్టి ధర పెట్టడం. కౌంటర్ దగ్గర అది గజిబిజి అవుతుంది కాబట్టి సులువైన మందు వాడతారు, షరతుల కాగితం. చాలా పథకాల్లో "తుప్పు వల్ల కలిగే నష్టం, కరెంటు హెచ్చుతగ్గులు, పురుగూ పుట్రా వల్ల కలిగే నష్టం వర్తించవు" అనే అర్థంతో ఒక వాక్యం ఉంటుంది. మన లెక్కలోని రెండు పెద్ద ఖర్చులకు కారణాలేమిటో మళ్లీ చూడండి: కాయిల్‌కు తుప్పు, బోర్డుకు కరెంటూ బల్లీ. ఆ వాక్యాన్ని గట్టిగా అమలు చేస్తే 20 లక్షల ఖర్చులో ఎంత మిగులుతుందో మెకానిక్ రాసే రిపోర్టు మీదే ఆధారపడుతుంది. "కాయిల్ లీకు" అని రాస్తే రిపేరు ఉచితం, "కాయిల్ తుప్పు పట్టి లీకు" అని రాస్తే మన జేబు. నాకు ఈ వ్యాపారంలో మింగుడుపడనిది కమీషన్ కాదు, ఇది. కమీషన్ ఎంతైనా మన పని జరుగుతుంది, ఈ వాక్యం అసలు పనికే అడ్డుపడుతుంది.

ఇంకో సంగతి. ఈ పథకాల ధర సాధారణంగా వస్తువు ఖరీదు శ్రేణినిబట్టి ఉంటుంది. ముప్పై నుంచి నలభై వేల ఏసీకి ఒక ధర, నలభై నుంచి యాభై వేల ఏసీకి ఒక ధర. ఏ బ్రాండు, ఏ మోడల్ అన్నది తరచుగా చూడరు. కొన్ని కంపెనీలు బోర్డుకు కూడా అయిదేళ్ల వారంటీ ఇస్తున్నాయి. అలాంటి ఏసీ కొన్నవాళ్ల విషయంలో మన లెక్కలోంచి 9 లక్షల 60 వేలు ఎగిరిపోయి, రిపేరు ఖర్చు తలా 1,040కి దిగుతుంది. అదే కూడిక మళ్లీ వేస్తే న్యాయమైన ధర 3,500 దగ్గర తేలుతుంది. కౌంటర్లో మాత్రం వాళ్లనూ 5,900 అడుగుతారు. పక్క బ్రాండువాళ్ల బోర్డుల ఖర్చులో వీళ్లూ ఒక వాటా మోస్తున్నారన్నమాట. అందుకే కౌంటర్ దగ్గర ముందు చూడాల్సింది అమ్మే పథకాన్ని కాదు, ఏసీ పెట్టెలో ఉన్న కంపెనీ వారంటీ కార్డును. ఏ భాగానికి ఎన్నేళ్లో అందులో ఉంటుంది. అవి తీసేశాక మిగిలిన వాటికే మనం డబ్బు కడుతున్నాం.

కొన్న రోజే కట్టాలన్న నియమం కూడా అన్నిచోట్లా లేదు. కంపెనీ వారంటీ పూర్తయ్యేలోపు ఎప్పుడైనా తీసుకోనిచ్చే పథకాలున్నాయి. మొదటి ఏడు ముగిసే ముందు తీసుకుంటే పదకొండు నెలల్లో ఏసీ ఎలా నడిచిందో, వీధిలో కరెంటు ఎలా ఉందో తెలిశాక నిర్ణయించుకుంటాం. ఈ తెలివితేటలు అవతలివాళ్లకూ ఉన్నాయి. ఆలస్యంగా వచ్చేవాళ్లలో అనుమానం ఉన్నవాళ్లే ఎక్కువని వాళ్లకు తెలుసు కాబట్టి, కొందరు ఏసీని చూసి వెళ్లాకే ఒప్పుకుంటారు, కొందరు ధర పెంచుతారు. బీచ్ రోడ్డువాళ్లయితే ఆ తనిఖీకి వచ్చిన మనిషినే తుప్పు షరతు గురించి అడగొచ్చు. అతను ఏం చెప్పినా కాగితం మీద రాయించుకోవాలి.