ఫొటోలోని గ్రాఫ్‌ను ఏ ప్రశ్నలు అడగవచ్చు?

పాఠ్యపుస్తకంలో అచ్చయిన ఒక బార్ గ్రాఫ్‌ను ఫోన్‌తో ఫొటో తీశారనుకోండి. 1951 నుంచి 2011 దాకా జరిగిన ఏడు జనగణనల్లో దేశ జనాభా ఎంతో ఏడు బార్లు చూపిస్తున్నాయి. బార్ల మీద అంకెలు లేవు. ఎడమపక్క నిలువు గీత మీద 0, 40, 80, 120 కోట్లు అన్న గుర్తులు మాత్రమే ఉన్నాయి. దాన్ని చూసి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జనాభా అన్నిటికంటే వేగంగా పెరిగిన దశాబ్దం ఏది? ఆ వేగం తగ్గిందని ఎప్పటి నుంచి గట్టిగా చెప్పగలం? చివరి రెండు దశాబ్దాల్లో దేనిలో ఎక్కువమంది కొత్తగా చేరారు?

మూడూ ఒకే రకం ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ ఆ ఫొటో మొదటిదానికి సగం జవాబే ఇస్తుంది, రెండోదానికి పూర్తిగా ఇస్తుంది, మూడోదానికి అసలు ఇవ్వలేదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ బార్ల నుంచి అంకెలు ఎలా రాబట్టాలో చూడాలి.

పిక్సెళ్ల నుంచి కోట్లకు

ఫొటో అంటే చిన్నచిన్న చుక్కల వరుసలు. ఆ చుక్కలే పిక్సెళ్లు. కంప్యూటర్లో పెయింట్ లాంటి ప్రోగ్రాంలో ఫొటో తెరిచి, మౌస్ బాణాన్ని ఒక చోట పెడితే అది ఎన్నో పిక్సెల్ మీద ఉందో కింది అంచున కనిపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: నిలువు లెక్క పై అంచు నుంచి మొదలై కిందికి పెరుగుతుంది. అంటే పొడవైన బారు కొనకు చిన్న అంకె వస్తుంది.

మన ఫొటోలో సున్నా గీత 1840 దగ్గర, 120 కోట్ల గుర్తు 400 దగ్గర ఉన్నాయనుకుందాం. మధ్య దూరం 1440 పిక్సెళ్లు. దాన్ని 120తో భాగిస్తే కోటికి 12 పిక్సెళ్లు. ఇదే మన కొలబద్ద. ఇక ప్రతి బారు కొన ఎక్కడుందో చూసి, దాన్ని 1840 నుంచి తీసేసి, 12తో భాగిస్తే జనాభా వస్తుంది. 1961 బారు కొన 1313 దగ్గర ఉంటే ఎత్తు 527 పిక్సెళ్లు, అంటే 43.9 కోట్లు. 1971 బారు కొన 1182 దగ్గర ఉంటే ఎత్తు 658, అంటే 54.8 కోట్లు. జనగణన లెక్కల్లో ఉన్నవీ ఇవే.

కొలబద్దకు రెండు గుర్తులు చాలు కానీ, అవి ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. 0, 40 గుర్తులతో కొలబద్ద తయారుచేసి 120 దాకా చదివితే, మొదట్లో చేసిన రెండు పిక్సెళ్ల పొరపాటు పైకి వెళ్లేసరికి ఆరు పిక్సెళ్లవుతుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే WebPlotDigitizer కూడా అక్షం మీద విలువ తెలిసిన బిందువులను ముందు మన చేతే గుర్తు పెట్టిస్తుంది. తర్వాత అది చేసేది పైన మనం చేసిన లెక్కే.

శాతం మాత్రమే కావాలంటే కోట్లలోకి మార్చాల్సిన పని కూడా లేదు. 527 నుంచి 658కి పెరుగుదల 131. దాన్ని 527తో భాగిస్తే దాదాపు 24.9 శాతం. కాకపోతే దీనికి ఒక షరతుంది: బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి. గ్రాఫ్ గీసినవారు నిలువు గీతను 30 కోట్ల దగ్గర మొదలుపెడితే 1951 బారు 6 కోట్లంత, 1961 బారు 14 కోట్లంత ఎత్తుగా కనిపిస్తాయి. జనాభా పదేళ్లలో రెండింతలు దాటిందని కన్ను చెబుతుంది. నిజంగా పెరిగింది 21.6 శాతమే. అందుకే కొలిచేముందు అడుగు గీత పక్కన ఏ అంకె ఉందో చదవాలి.

నాలుగు పిక్సెళ్ల పొరపాటు

ఫొటోను పెద్దది చేసి చూస్తే బారు కొన సన్నటి గీతలా ఉండదు. ముదురు రంగు నుంచి తెలుపుకు మారే మసక పట్టీలా ఉంటుంది. దానికి తోడు చాలా బార్లకు చుట్టూ నల్లటి అంచు గీత ఉంటుంది. ఆ గీతలో పైభాగం చదవాలా, కిందిభాగమా? ఏదైనా ఫరవాలేదు, కానీ అన్ని బార్లకూ ఒకే చోట చదవాలి. అలా చేస్తే ఒక బారులోంచి మరో బారు తీసేసేటప్పుడు ఆ తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. ఎంత జాగ్రత్తపడినా ఒక్కో కొన దగ్గర నాలుగు పిక్సెళ్లు అటూ ఇటూ అవుతుందనుకుందాం. మన కొలబద్ద ప్రకారం అది సుమారు 33 లక్షలు. అదే బారును మూడు నాలుగుసార్లు విడివిడిగా చదివి చూస్తే మీ ఫొటోలో ఈ తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 1961–71 పెరుగుదల మన కొలతలో 24.9 శాతం. పాత బారును నాలుగు పిక్సెళ్లు తక్కువగా, కొత్త బారును నాలుగు ఎక్కువగా చదివి ఉంటే అది 26.6 అవుతుంది. అటుది ఇటైతే 23.2. కాబట్టి ఫొటో నిజంగా చెబుతున్నది 24.9 అని కాదు, 23 నుంచి 27 లోపు అని. ఇదే లెక్క 1971–81కి వేస్తే 23.3 నుంచి 26.0, 1981–91కి వేస్తే 22.7 నుంచి 24.9 వస్తాయి. మూడు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వాటిలో ఏది మొదటిదో ఈ ఫొటో తేల్చలేదు. అచ్చులో ఉన్న లెక్కల ప్రకారం 1961–71 రేటు 24.80, 1971–81 రేటు 24.66 శాతం. ఇంత సన్నని తేడా మసక అంచులో కనిపించదు. “1961 నుంచి 1991 దాకా పెరుగుదల దాదాపు ఒకే జోరుతో సాగింది” అన్నదే ఫొటో ఇచ్చే నిజాయితీ గల జవాబు.

రెండో ప్రశ్న అలా కాదు. 1991–2001 పెరుగుదల పరిధి 20.7 నుంచి 22.5. 1981–91 పరిధిలో అన్నిటికంటే చిన్నదైన 22.7 కూడా దీనికంటే పైనే ఉంది. 2001–11 పరిధి 17.0 నుంచి 18.5, అది ఇంకా కింద. కొలతలో ఎంత పొరపాటు జరిగినా ఈ వరుస మారదు. అందుకే 1991 తర్వాత వేగం తగ్గిందని ఫొటో చూసి ధైర్యంగా చెప్పవచ్చు.

ఇదే గ్రాఫ్‌లో ఇదే కొలబద్దతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభానూ గీశారనుకోండి. 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు. బార్ల ఎత్తు 91, 101 పిక్సెళ్లు ఉంటుంది. ఇక్కడ కూడా పొరపాటు నాలుగు పిక్సెళ్లే, కానీ బారు పొట్టిది. లెక్క వేస్తే పెరుగుదల 2 శాతం నుంచి 21 శాతం దాకా ఎంతైనా కావచ్చని వస్తుంది. అసలు విలువ సుమారు 11 శాతం. దేశం గురించి అంత బాగా చెప్పిన గ్రాఫే రాష్ట్రం గురించి ఏమీ చెప్పలేకపోయింది. పొట్టి బార్ల నుంచి శాతాలు తీసేటప్పుడు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఫోన్ వంగితే

ఇప్పటిదాకా ఫొటో సరిగ్గా ఎదురుగా తీసిందే అనుకున్నాం. ఫోన్ కాస్త వాలితే, దూరం పోయేకొద్దీ రైలు పట్టాలు దగ్గరపడినట్టు, గ్రాఫ్ పైభాగం కుంచించుకుపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. గుర్తుల మధ్య దూరాలు కొలవండి. 0–40, 40–80, 80–120 మూడూ 480 చొప్పున ఉండాలి. అలా కాక 510, 480, 450 అని వస్తే ఫోన్ వాలినట్టే. అప్పుడు కూడా కోటికి 12 పిక్సెళ్లనే లెక్కతో సరిగ్గా 40 కోట్లున్న బారును చదివితే 42.5 కోట్లు వస్తుంది. పొరపాటు 30 పిక్సెళ్లు. చేతి పొరపాటు దీని ముందు ఏపాటిది?

దీనికి రెండు మందులున్నాయి. గ్రాఫ్ చుట్టూ ఉన్న చట్రం నాలుగు మూలలను గుర్తించి, దాన్ని తిరిగి దీర్ఘచతురస్రంగా సాగదీయడం ఒకటి. కాగితాలను స్కాన్ చేసే ఫోన్ యాప్‌లు చేసేది ఇదే. రెండోది, మొత్తానికి ఒకే కొలబద్ద వాడకుండా, బారు కొన ఏ రెండు గుర్తుల మధ్య పడిందో ఆ రెండింటితోనే లెక్క వేయడం.

పుస్తకం కుట్టు దగ్గర కాగితం వంగి ఉంటే మూలలు సరిచేసినా లాభం లేదు, ఎందుకంటే కాగితమే చదునుగా లేదు. అడుగున ఉన్న సున్నా గీతను ఎడమ కొస నుంచి కుడి కొస దాకా చూస్తే వంపు తెలుస్తుంది. పుస్తకాన్ని అదిమిపట్టి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి మళ్లీ తీయడం మంచిది. వీలు కాకపోతే ప్రతి బారునూ దాని సొంత పాదం నుంచి కొలవాలి. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నవి ఉన్నట్టు చేరుతుంది.

గీత చెప్పేది, చెప్పనిది

ఇవే ఏడు విలువలను లైన్ గ్రాఫ్‌గా గీసినా కొలత పద్ధతి మారదు. కొత్తగా వచ్చే ప్రమాదం ఒకటుంది. 1971, 1981 చుక్కలను కలిపే గీత మీద 1976 దగ్గర కూడా ఒక విలువ చదవవచ్చు. కానీ 1976లో ఎవరూ జనాభాను లెక్కించలేదు. ఆ విలువ గ్రాఫ్ గీసిన చెయ్యి వేసింది. లెక్కించిన చోట చుక్క పెట్టి ఉంటే చుక్కల దగ్గరే చదవాలి.

అలాగే నిలువు గీత మీద 1, 10, 100, 1000 అన్న గుర్తులు సమాన దూరంలో ఉంటే అది లాగరిథం స్కేలు. దాని మీద 10కీ 100కీ సరిగ్గా మధ్యనున్న చోటు 55 కాదు, దాదాపు 32. ఈ స్కేలు మీద గీత వాలు మారకుండా సాగితే పెరుగుదల శాతం మారలేదని అర్థం.

మూడో ప్రశ్న మిగిలింది. 1991–2001లో దేశ జనాభాకు సుమారు 18.23 కోట్లమంది చేరారు, 2001–11లో సుమారు 18.21 కోట్లు. అంతకుముందు దశాబ్దం కంటే తక్కువమంది చేరడం 1911–21 తర్వాత అదే మొదటిసారి. దేశ జనాభా చరిత్రలో అది పెద్ద మలుపు. కానీ తేడా రెండు లక్షలు, అంటే మన ఫొటోలో పావు పిక్సెల్. ఒక్కో పెరుగుదల కొలతలోనే ఎనిమిది పిక్సెళ్ల దాకా పొరపాటుకు చోటుంది. ఆ ప్రశ్నకు ఫొటో నుంచి ఏ జవాబు చెప్పినా అది ఊహే. జనగణన శాఖ ప్రచురించిన పట్టిక తెరిచి చూడాలి. కొలిచిన ప్రతి విలువ పక్కనా పొరపాటుకు ఉన్న చోటు కూడా రాసుకుంటే, ఎక్కడ ఫొటో చాలుతుందో, ఎక్కడ పట్టిక కావాలో లెక్కే చెబుతుంది.