అమ్మకు 1.1, నాన్నకు 1.4: డాక్టర్‌ గారికి ఒక ఉత్తరం

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నాన్నకు 72 ఏళ్లు, అమ్మకు 68. ఇద్దరికీ బీపీ ఉంది, అమ్మకు షుగర్ కూడా. పొద్దున్న లేచేసరికి కొడుకు వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు. నాన్నకు క్రియాటినిన్ 1.4, ఎక్కువ ఉందంటూ ఆ అంకెను నల్లగా, లావుగా ముద్రించారు. అమ్మకు 1.1, ల్యాబ్ వేసిన హద్దు లోపలే ఉంది కాబట్టి ఏ గుర్తూ లేదు. నాన్న సంగతేమిటోనని కొడుక్కి కంగారు, అమ్మకు పర్వాలేదని ఊరట.

నిజానికి ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే.

క్రియాటినిన్ కండరాల్లో తయారయ్యే వ్యర్థం. దాన్ని కిడ్నీలు వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. ఒంట్లో కండ తక్కువున్నవాళ్లకు అది తయారయ్యేదే తక్కువ. అందువల్ల కిడ్నీల పని మందగించినా అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే డాక్టర్లు వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి ఈజీఎఫ్‌ఆర్ లెక్క కడతారు. కిడ్నీలు ఏ మేరకు వడకడుతున్నాయో చెప్పే అంచనా అది. 2021లో వచ్చిన సూత్రం ప్రకారం లెక్కిస్తే నాన్నకు సుమారు 53, అమ్మకు సుమారు 55 వస్తుంది. 60 కంటే తగ్గితే డాక్టరు దృష్టి పెట్టాల్సిందే.

అలాగని ఒక్కసారి తగ్గగానే కిడ్నీ జబ్బు అనేయరు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక సమస్యగా లెక్క. పరీక్షకు ముందు విరేచనాలు పట్టుకున్నా, నీళ్లు సరిగా తాగకపోయినా క్రియాటినిన్ పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ వల్లా పెరగవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ వెళ్లే మాత్ర కూడా వాడేవాళ్లకు ఆ నొప్పి మాత్ర మరింత చేటు. ఇవేవీ రిపోర్టులో ఉండవు. ఇంట్లోవాళ్లు చెబితేనే డాక్టరుకు తెలుస్తాయి.

కొడుకు రాసే ఉత్తరంలో ఉండాల్సింది ముందుగా ఈ సమాచారమే. అయితే దానికంటే ముందు అమ్మానాన్నల అనుమతి కావాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత, కన్నకొడుకైనా ఆ నియమం వర్తిస్తుంది. ఇద్దరూ సంతకం చేసిన రెండు వాక్యాల కాగితం జతచేస్తే ఆ చిక్కు తీరుతుంది. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కానీ వాటి అర్థం విడమరిచి రాయడానికి డాక్టరు తన సమయం వెచ్చించాలి. అందుకు ఫీజు ఇస్తానని ముందే చెప్పడం మర్యాద.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

“డాక్టర్ గారికి నమస్కారం. అమ్మానాన్నల అనుమతి కాగితం జతచేశాను. ఇద్దరి తాజా రిపోర్టులు, నిరుటి రిపోర్టులు, వాడుతున్న మందుల పట్టీల ఫొటోలు పంపుతున్నాను. నాన్నగారు రెండు వారాలుగా మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు. నిరుడు ఆయన క్రియాటినిన్ 1.1. నావి నాలుగు ప్రశ్నలు. నిరుటికీ ఇప్పటికీ ముఖ్యంగా మారినదేమిటి? దానికి కారణం ఏమై ఉండవచ్చు? మందుల్లో ఏదైనా మార్చాలా? మళ్లీ ఎప్పుడు, ఏ పరీక్ష చేయించాలి? మీ సమాధానం అమ్మానాన్నలకు కూడా చదివి వినిపిస్తాను. మీ కన్సల్టేషన్ ఫీజు పంపుతాను.”

ఇలా అడిగితే డాక్టరు పది వాక్యాల్లో జవాబు రాయగలరు. “రిపోర్టులు ఎలా ఉన్నాయి?” అని మాత్రమే అడిగితే “పర్వాలేదు” అన్న ఒక్క మాటే తిరిగొస్తుంది.

జవాబు చాలావరకు ఇలా ఉండవచ్చు: నిరుడు 72 దగ్గరున్న నాన్నగారి ఈజీఎఫ్‌ఆర్ 53కు దిగింది. డైక్లోఫెనాక్ ఆపేయండి, రెండు వారాల తర్వాత క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూద్దాం. అమ్మగారి మెట్‌ఫార్మిన్ ఇప్పటికి అలాగే వాడొచ్చు. ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు సరిచూడాలి, 30 కంటే తగ్గితే ఆపాలి. మూత్రంలో అల్బుమిన్ పోతోందేమో ఇద్దరికీ పరీక్ష చేయించండి. మూడు నెలల తర్వాత కూడా 60 లోపే ఉంటే కిడ్నీ వైద్యుడికి చూపించాలో లేదో అప్పుడు నిర్ణయిద్దాం.

ఇలాంటి సారాంశం మనిషిని చూసి చేసే పరీక్షకు బదులు కాదు. ఈలోగా కాళ్లు వాచినా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా ఉత్తరాల కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకు తెనాలిలో ఎవరికి ఫోన్ చేయాలో కొడుకు ముందే మాట్లాడి పెట్టుకుని, ఆ నంబరు కూడా ఉత్తరం చివర రాయాలి.