మంచు మొదలవడమే కష్టం

1721 చలికాలంలో డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ ఒక చిన్న గాజు బుడ్డిలో సగం దాకా వాననీళ్లు పోసి, లోపలి గాలి తీసేసి, మూతి కరిగించి మూసేశాడు. రాత్రంతా దాన్ని 15 డిగ్రీల చలిలో ఉంచాడు. ఆ డిగ్రీలు ఆయన పేరు మోస్తున్న కొలతవి. మన సెల్సియస్ లెక్కలో అది సున్నాకు 9 డిగ్రీలు దిగువ. తెల్లవారాక చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. లోపల గాలి లేనందువల్లే గడ్డకట్టలేదేమో అనుకుని బుడ్డి కొన విరిచాడు. చూస్తుండగానే నీళ్లనిండా సన్నటి మంచు పలుకులు అల్లుకుపోయాయి. థర్మామీటరు పెడితే 32 చూపించింది, అంటే సరిగ్గా మన సున్నా డిగ్రీలు. తర్వాత ఒకసారి అలాంటి బుడ్డినే పట్టుకుని నడుస్తూ మెట్ల మీద తూలాడు. ఆ కుదుపుకే నీళ్లు గడ్డకట్టాయి. గాలి మీద పెట్టుకున్న అనుమానం దాంతో వీగిపోయింది. ఈ సంగతులన్నీ 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయని మనం బడిలో చదువుకున్నాం. అందులో సగమే నిజం. సున్నా డిగ్రీలంటే మంచూ నీళ్లూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏదీ రెండోదాన్ని మింగేయకుండా నిలిచే ఉష్ణోగ్రత. అక్కడి నుంచి కాస్త దిగితే మంచుదే పైచేయి. అయితే పైచేయి కావాలంటే ముందు మంచు అనేది ఒకటి ఉండాలి కదా! మంచు లేని చోట దాని మొదటి పలుకు ఎలా పుడుతుందన్నదే చిక్కు. సున్నాకు దిగువన కూడా నీళ్లు నీళ్లుగానే మిగిలిపోవడాన్ని సూపర్‌కూలింగ్ అంటారు. మొదటి పలుకు పుట్టడాన్ని న్యూక్లియేషన్ అంటారు. దాన్ని బీజం పడటం అందాం.

ఏ పదార్థమైనా తనంతట తాను మారేది స్వేచ్ఛాశక్తి తగ్గే దిశలోనే. ఈ స్వేచ్ఛాశక్తిలో రెండు పాళ్లున్నాయి. ఒకటి అణువుల మధ్య బంధాల బలం. రెండోది అణువులు ఎన్ని రకాలుగా చెల్లాచెదురుగా ఉండగలవన్నది. మంచులో బంధాలు గట్టివి, నీటిలో చెదురుపాటు ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ చెదురుపాటుకు విలువ పెరుగుతుంది, తగ్గేకొద్దీ బంధాలకు పెరుగుతుంది. సున్నా దగ్గర రెండూ సమానం. మైనస్ 10 దగ్గరికి వచ్చేసరికి ఒక ఘన సెంటీమీటరు మంచు ఏర్పడితే సుమారు 11 జౌళ్ల స్వేచ్ఛాశక్తి తగ్గుతుంది. అదే మంచు ఏర్పడేటప్పుడు బయటికి వదిలే వేడి 300 జౌళ్ల పైమాటే. దాంతో పోలిస్తే లాభం చిన్నదే, కానీ లాభమే. మైనస్ 20 దగ్గర ఇది దాదాపు రెట్టింపవుతుంది.

ఖర్చు సంగతి మంచుపలుకు అంచు దగ్గర వస్తుంది. అక్కడున్న అణువులు పూర్తిగా స్ఫటికంలో ఒదగవు, పూర్తిగా నీటితోనూ కలవవు. ఇలాంటి అంచు ఒక చదరపు మీటరు తయారు కావాలంటే 0.03 జౌలు ఖర్చవుతుంది. వినడానికి ఏమంత లెక్కలోది కాదు. లోపలి లాభం ఘనపరిమాణాన్ని బట్టి వస్తుంది, అంచు ఖర్చు ఉపరితలాన్ని బట్టి పడుతుంది. చిన్న వస్తువులకు ఘనపరిమాణం కన్నా ఉపరితలమే బరువు. వరి పండించే ఎవరినడిగినా చెబుతారు, మడి మరీ చిన్నదైతే నేలంతా గట్లకే పోతుంది. మడి పొడుగూ వెడల్పూ రెట్టింపు చేస్తే గట్టు రెండింతలవుతుంది, పంట నేల నాలుగింతలవుతుంది. అందుకే ఒక స్థాయి దాటిన మడే గిట్టుబాటు. మంచుపలుక్కీ ఇదే లెక్క. వ్యాసార్ధం రెట్టింపైతే అంచు ఖర్చు నాలుగింతలు, లోపలి లాభం ఎనిమిదింతలు. r వ్యాసార్ధం ఉన్న పలుక్కి మొత్తం లెక్క ఇలా ఉంటుంది:

ΔG = 4πr²γ − (4/3)πr³Δg

γ అంటే అంచు ఖర్చు, Δg అంటే ఘనపరిమాణం మీద వచ్చే లాభం. r చిన్నగా ఉన్నంతసేపూ మొదటి పదమే పెద్దది. పలుకు పెరిగేకొద్దీ ΔG పెరుగుతూ పోయి ఒకచోట శిఖరం చేరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెడుతుంది. శిఖరం దగ్గరి వ్యాసార్ధం 2γ/Δg. దాని పేరు సంధి వ్యాసార్ధం. అంతకన్నా చిన్న పలుక్కి పెరగడం నష్టం, కరిగిపోవడం లాభం. కాబట్టి అది కరుగుతుంది. అంతకన్నా పెద్దదైతే పెరిగే ప్రతి పొరా లాభమే, ఇక దాన్ని ఆపేదేమీ లేదు. ఆ శిఖరం ఎత్తే బీజానికి అడ్డుగోడ.

మైనస్ 10 దగ్గర అంకెలు వేసి చూద్దాం. 0.06ను, ఘన మీటరుకు 1.12 కోట్ల జౌళ్ల చొప్పున భాగిస్తే 5.4 నానోమీటర్లు వస్తుంది. ఇంత చిన్న ఉండలో సుమారు 20,000 నీటి అణువులుంటాయి. అవన్నీ ఏ ఆదేశమూ లేకుండా, కేవలం అటూ ఇటూ తడబడే క్రమంలో, ఒకేసారి మంచు వరసలో కుదరాలి. మైనస్ 1 దగ్గరైతే ఇలా కుదరాల్సినవి రెండు కోట్లు. మైనస్ 20 దగ్గర 2,500 చాలు. మైనస్ 38 దగ్గర నాలుగు వందల లోపే.

అడ్డుగోడ ఎత్తును కొలవడానికి, వేడివల్ల ఒక్కో అణువుకు సహజంగా ఉండే చలనశక్తిని కొలబద్దగా పెట్టుకుంటారు. భౌతికశాస్త్రంలో దాన్ని kT అని రాస్తారు. మైనస్ 10 దగ్గర గోడ సుమారు 1,000 kT. గోడ ఎత్తు పెరిగేకొద్దీ దాటే అవకాశం ఘాతాంకంలో పడిపోతుంది. ఒక్కో ప్రయత్నానికి ఇక్కడ ఆ అవకాశం 1 పక్కన 434 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. మరి ప్రయత్నాలెన్ని? ఒక ఘన సెంటీమీటరు నీటిలోని ప్రతి అణువూ సెకనుకు లక్ష కోట్ల సార్లు ప్రయత్నించిందనుకుందాం. విశ్వం పుట్టినప్పటినుంచీ ప్రయత్నిస్తూనే ఉందనుకున్నా మొత్తం లెక్క 1 పక్కన 52 సున్నాలు దాటదు. అంటే నిజంగా శుద్ధమైన నీరు మైనస్ 10 దగ్గర తనంతట తాను ఎప్పటికీ గడ్డకట్టదు. మైనస్ 20 దగ్గరా అంతే. మైనస్ 38 చేరేసరికి గోడ 75 kT ప్రాంతానికి కుంగిపోతుంది. అప్పుడు అవకాశాలూ ప్రయత్నాలూ దాదాపు సరితూగుతాయి. ఇది ముతక లెక్కే, ఎందుకంటే చలి పెరిగేకొద్దీ γ కూడా మారుతుంది. అయినా ప్రయోగశాలలో మైక్రోమీటర్ల సైజు శుద్ధజల బిందువులు గడ్డకట్టేది సరిగ్గా ఆ మైనస్ 38 చుట్టుపక్కలే.

ఇదే నిజమైతే మన ఫ్రిజ్‌లో ఐసు ఎలా తయారవుతోందని అడగవచ్చు. మన నీళ్లు శుద్ధం కావు గనుక. అందులో ధూళి ఉంటుంది, గిన్నె గోడల మీద గీతలుంటాయి. వాటిమీద ఆనుకుని పుట్టే పలుకు పూర్తి ఉండగా ఉండనక్కర్లేదు, పైన చిన్న చిప్పలా ఉంటే చాలు. దాని వంపు వ్యాసార్ధం మాత్రం పాతదే, 5.4 నానోమీటర్లే. కానీ ఉండలో కొద్ది ముక్కే కాబట్టి కుదరాల్సిన అణువులు తక్కువ, గోడా తక్కువ. మంచు ఆ ఉపరితలం మీద 30 డిగ్రీల కోణంతో పరుచుకోగలిగితే గోడ నూటికి ఒకటిం పావు వంతుకు పడిపోతుంది. అంటే 1,000 kT కాస్తా 13కు దిగుతుంది. ఈ పనిలో అందెవేసిన చేయి ఒక సూక్ష్మజీవిది. సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా ఒంటిమీది ప్రొటీన్లు మైనస్ 2 దగ్గరే మంచును మొదలుపెట్టగలవు. చలిదేశాల్లో పైర్ల ఆకుల మీద మంచు పట్టి నష్టం జరగడంలో దీని వాటా తక్కువేమీ కాదు.

శుద్ధమైన నీటిని పరీక్షించడానికి దాన్ని కోట్ల బిందువులుగా విడగొట్టి నూనెలో తేలించడం ఎందుకో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఒక లీటరులో లక్ష ధూళి రేణువులుంటే, ఏ ఒక్కటి పనిచేసినా లీటరంతా గడ్డకట్టేస్తుంది. అదే లీటరును వేల కోట్ల బిందువులుగా చేస్తే, ధూళి చేరేది మహా అయితే లక్ష బిందువులకే. మిగిలినవన్నీ శుభ్రం. నీళ్లను వడగట్టి సాధించలేనిది ఇలా పంచిపెట్టి సాధిస్తారు.

బీజం పడ్డాక జరిగేది కూడా చాలామంది అనుకునేలా ఉండదు. మైనస్ 10 నీళ్లు ఒక్కసారిగా మొత్తం గడ్డకట్టవు. ఏర్పడే మంచు వేడిని వదులుతుంది, ఆ వేడికి మిగిలిన నీళ్లు సున్నాకు ఎక్కుతాయి, అక్కడ పరుగు ఆగుతుంది. ఒక గ్రాము నీళ్లను పది డిగ్రీలు వేడెక్కించడానికి 42 జౌళ్లు కావాలి, ఒక గ్రాము మంచు వదిలేది 334. భాగిస్తే సుమారు ఎనిమిదో వంతు. అంతే గడ్డకడుతుంది, మిగతాది మంచుపలుకుల మధ్య నీళ్లుగానే ఉంటుంది. ఫారెన్‌హీట్ థర్మామీటరు 32 దగ్గర నిలవడానికి కారణం ఇదే. ఫ్రీజరులో సీలు తీయని నీళ్లసీసాను కదపకుండా ఉంచి, గడ్డకట్టకముందే బయటికి తీసి గట్టిగా తట్టి చూసినవారికి లోపల కనిపించేది రాయిలాంటి గడ్డ కాదు, ఐస్‌గోలాలాంటి గుజ్జు. నీళ్లు నిజంగా సూపర్‌కూల్ అయ్యాయని ఆ గుజ్జే సాక్ష్యం.

ఇదంతా మన నెత్తిమీద రోజూ జరుగుతోంది. మేఘంలోని బిందువులు చాలావరకు పది, ఇరవై మైక్రోమీటర్లవి. వాటిలో మంచును మొదలుపెట్టగల ధూళి ఉన్నవి అరుదు. అందుకే మైనస్ 15 దగ్గర కూడా మేఘం నీళ్ల మేఘంగానే ఉండటం మామూలే. టెక్సాస్‌లోని ఉరుముల మేఘాల్లో మైనస్ 37.5 దాకా ద్రవరూపంలో నీరు ఉన్నట్టు విమానాల నుంచి కొలిచి 2000లో నేచర్ పత్రికలో ప్రకటించారు. సిద్ధాంతం గీసిన గీతకు అంత దగ్గరగా వెళ్లిందన్నమాట. ఇలాంటి బిందువులకు విమానం రెక్క తగిలితే చాలు, బీజం దొరికినట్టే. 1994లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 విమానం రెక్కల మీద అలాగే మంచు పేరుకుని కూలింది. 68 మంది పోయారు.

ఇదే గుణాన్ని వానకోసం వాడుకోవచ్చని 1946లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తేలింది. విన్సెంట్ షేఫర్ సూపర్‌కూల్ అయిన ఆవిరిమబ్బులో డ్రై ఐస్ ముక్క వేశాడు. దాని చుట్టూ గాలి మైనస్ 38 కన్నా దిగువకు పడిపోయి, గోడ తనంతట తానే కూలి, మంచుపలుకులు పుట్టుకొచ్చాయి. అదే చోట పనిచేసే బెర్నార్డ్ వానెగట్ మరో దారి పట్టాడు. మంచు స్ఫటికపు అల్లికకు చాలా దగ్గరి అల్లిక ఉన్న పదార్థం కోసం పట్టికలు వెతికి సిల్వర్ అయోడైడ్‌ను పట్టుకున్నాడు. మంచు దానిమీద సుళువుగా పరుచుకుంటుంది, గోడ తగ్గిపోతుంది. కానీ అది పనిచేయడం మొదలయ్యేది మైనస్ 5 చుట్టుపక్కలే.

తెలుగు నేలమీద మేఘమథనం మాట వినని రైతు ఉండడు. మన వానాకాలంలో సున్నా డిగ్రీల ఎత్తు దాదాపు 5 కిలోమీటర్లు. మేఘం ఆ ఎత్తు దాటి పైకి పెరగనప్పుడు అందులో సూపర్‌కూల్ నీరే ఉండదు, సిల్వర్ అయోడైడ్ ఎంత చల్లినా వ్యర్థమే. అలాంటి మేఘాలకు ఉప్పు పొడి వాడేది అందుకే. ఇకమీదట ఎక్కడైనా మేఘమథనం చేస్తున్నారని వార్త వస్తే, ఎన్ని లక్షలు ఖర్చయ్యాయని మాత్రమే కాదు, మేఘం తల ఏ ఎత్తులో ఉందో, అక్కడ ఎంత చలి ఉందో కూడా అడగండి.