కాస్త పలచగా ఉండగానే దించాలి

ఓట్స్‌ను నీళ్లలో వేసి స్టవ్ మీద పెడితే మొదటి రెండు మూడు నిమిషాలు ఏ మార్పూ కనిపించదు. అటుకులు అడుగున ఉంటాయి, నీళ్లు పైన ఉంటాయి. ఇంకా ఎంతసేపు అనుకుని మంట పెంచి పక్క పనిలోకి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి స్టవ్ మీద తెల్లటి జిగురు పారుతూ ఉంటుంది. లేదా గిన్నె అడుగున గోధుమరంగు పొర అంటుకుపోయి ఉంటుంది. పొంగడానికీ అడుగంటడానికీ కారణం ఒక్కటే. గింజలోని పిండిపదార్థం మెల్లగా చిక్కబడదు. ఒక వేడి దాకా ఊరికే ఉండి, అది దాటగానే ఒక్కసారిగా చిక్కబడుతుంది.

ఆ వేడి ఓట్స్‌కు దాదాపు 60 డిగ్రీల సెల్సియస్. బియ్యానికీ రాగులకూ ఇంకాస్త ఎక్కువ కావాలి. చల్లటి నీళ్లలో పిండి రేణువులు గట్టిగానే ఉంటాయి. ఆ వేడి తగలగానే నీళ్లు పీల్చి ఎన్నో రెట్లు ఉబ్బుతాయి, కొన్ని పగిలి తమలోని పిండిని నీళ్లలోకి వదులుతాయి. ఓట్స్‌లో దీనికి తోడు బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. ఇది నీళ్లలో కరిగి జారుడు జిగురుగా మారుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు ఓట్స్ తినమనేది ముఖ్యంగా ఈ పీచు కోసమే. గిన్నెలో ఓట్స్ వెన్నలా రావడమూ, బంకలా సాగడమూ చాలావరకు దీని చేతిలోనే ఉన్నాయి.

నీళ్ల కొలత దగ్గర చాలామంది తికమక పడతారు. ఒకరు కప్పుకి రెండు కప్పులంటారు, ఇంకొకరు నాలుగంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే ఇద్దరి చేతుల్లో ఉన్నవి వేరు వేరు ఓట్స్. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినవి. వీటి మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి అర కప్పు తూచినా సుమారు 40 గ్రాములే ఉంటుంది. గింజను నొక్కకుండా రెండు మూడు ముక్కలుగా కోసినవి స్టీల్ కట్ ఓట్స్. ఇవి నూకలా ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి పావు కప్పుకే దాదాపు అంత బరువు తూగుతాయి. 40 గ్రాముల అటుకులకైనా, 40 గ్రాముల ముక్కలకైనా కావలసింది ఒక కప్పు నీళ్లు, అంటే 240 మిల్లీలీటర్లు. బరువులో చూస్తే రెండింటికీ ఒకటికి ఆరు వంతులు. ముక్కలు అరగంట ఉడకాలి కాబట్టి ఆవిరయ్యేదానికి ఇంకో పావు కప్పు కలుపుకోవాలి. వంటింట్లో చిన్న త్రాసు ఉంటే ఈ గొడవే ఉండదు.

ఇక ఒకరికి సరిపడా ఓట్స్ వండే పద్ధతి. అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నెలో 40 గ్రాముల ఓట్స్ అటుకులు, కప్పు చల్లటి నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి మధ్యస్థంగా మంట పెట్టాలి. తీపిగా తినేవాళ్లకు కూడా ఆ చిటికెడు ఉప్పు కావాలి, అది లేకపోతే ఓట్స్ చప్పగా అట్టముక్కలా ఉంటాయి. మొదట ఒకసారి కలిపి వదిలేయాలి. అంచుల్లో బుడగలు కనిపించగానే మంట సన్నం చేసి, గరిటెను గిన్నె అడుగుకి ఆనించి కలపడం మొదలుపెట్టాలి. చిక్కబడుతున్న పిండి ముందుగా అంటుకునేది అక్కడే. సన్నటి అటుకులైతే అక్కడి నుంచి మూడు నిమిషాలు, మందంగా ఉన్నవైతే ఐదారు నిమిషాలు పడుతుంది. గరిటెను అడుగున ఒక గీతలా లాగి చూస్తే సరైన అదను తెలుస్తుంది. గీత పడి, రెండు క్షణాల్లో మెల్లగా మూసుకుంటే దించేయాలి. గీత అలాగే నిలబడిపోయిందంటే ఆలస్యమైందన్నమాట. గీతే పడకపోతే ఇంకాస్త ఉడకాలి.

దించాక మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగాలి. చాలామంది వదిలేసే పని ఇదే. వేడి తగ్గుతున్న కొద్దీ నీళ్లలోకి వచ్చిన పిండి ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడుతుంది. మిగిలిన తడిని అటుకులు పీలుస్తాయి. స్టవ్ మీదే నోటికి సరిపోయేంత చిక్కదనం వచ్చేదాకా ఉంచితే, కంచంలోకి వచ్చేసరికి ముద్దవుతుంది. అందుకే కాస్త పలచగా ఉండగానే దించాలి. అప్పటికీ చిక్కబడితే రెండు చెంచాల వేడి నీళ్లో వేడి పాలో కలిపితే సరిపోతుంది.

ఎంత కలపాలన్నది ఎవరికి ఎలాంటి జావ ఇష్టమన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆపకుండా కలుపుతుంటే అటుకులు చిరిగి, పిండీ జిగురూ ఎక్కువ బయటికొచ్చి మెత్తటి జావ వస్తుంది. ఇంకా ఎక్కువైతే బంకలా సాగుతుంది. అటుకు అటుకుగా ఉండాలంటే ముందు నీళ్లు మరిగించి, అప్పుడు ఓట్స్ పోసి, రెండు మూడుసార్లు మాత్రమే కలపాలి. ఓట్స్ ఉప్మా చేసేవాళ్లు ముందు బాణలిలో ఓట్స్‌ను మంచి వాసన వచ్చేదాకా వేయిస్తారు. వేగిన అటుకులు అంత త్వరగా చిట్లవు కాబట్టి ముద్ద కట్టవు. ఉప్మాకి నీళ్లు కూడా తగ్గించాలి. అర కప్పు ఓట్స్‌కి ముప్పావు కప్పుకి మించితే అది ఉప్మా కాదు, జావ.

పాలతోనే ఉడికిస్తే రుచి చిక్కగా ఉంటుంది, కానీ కాపలా రెట్టింపు అవుతుంది. పాలలోని ప్రోటీన్ అడుగున మాడుతుంది, పైన నురగను గట్టిపరుస్తుంది. ముప్పావు వంతు నీళ్లతో ఉడికించి, చివరి నిమిషంలో కాచిన పాలు కలపడం మేలు. బెల్లం వేసేవాళ్లు గిన్నె దించి, కాస్త వేడి తగ్గాకే కలపాలి. మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోవచ్చు.

మైక్రోవేవ్‌లో చిక్కు వేరు. అక్కడ అడుగంటదు కానీ పొంగుతుంది. మామూలు నీళ్ల బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. పిండి కలిసిన నీళ్లలో బుడగ చుట్టూ జిగురు పొర ఏర్పడి పగలకుండా నిలబడుతుంది, బుడగ మీద బుడగ ఎక్కి క్షణాల్లో గిన్నె దాటేస్తుంది. అందుకని కప్పు నీళ్లకు కనీసం లీటరు పట్టే గాజు లేదా పింగాణీ గిన్నె కావాలి. కొలతలు స్టవ్ మీద చెప్పినవే. ఆవిరయ్యేది తక్కువ కాబట్టి నీళ్లు రెండు మూడు చెంచాలు తగ్గించవచ్చు.

800 వాట్ల మైక్రోవేవ్‌లో ముందు ఒకటిన్నర నిమిషం పూర్తి పవర్‌లో పెట్టి, బయటికి తీసి అడుగు దాకా కలపాలి. మైక్రో తరంగాలు పదార్థం అంచుల్లోకి కొద్ది లోతు వరకే చొచ్చుకెళ్తాయి కాబట్టి అంచులు ఉడికి, నడుమ ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. కలిపాక పవర్‌ను 50 శాతానికి తగ్గించి ఇంకో రెండు నిమిషాలు పెట్టాలి. చాలా ఇళ్లలోని మైక్రోవేవ్ సగం పవర్ అంటే కొన్ని క్షణాలు పూర్తిగా వేడిచేసి, కొన్ని క్షణాలు ఆగిపోతుంది. ఆ విరామంలో నురగ కిందికి దిగుతుంది. పూర్తి పవర్‌లో ఒకే విడతగా మూడు నిమిషాలు పెట్టినప్పుడు పొంగేది ఈ విరామం లేకనే. తీశాక ఇక్కడా రెండు నిమిషాలు ఆగాలి. పిల్లలకు పెట్టే ముందు ఇంకోసారి కలిపి తీరాలి. పైన చల్లగా ఉండి లోపల ఒకచోట నోరు కాలే వేడి దాగి ఉంటుంది.

స్టీల్ కట్ ముక్కలకు మైక్రోవేవ్ కన్నా స్టవ్వే నయం. ముక్క నడుముకు నీరు చేరడానికి పాతిక నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, దాన్ని వేడితో తొందరపెట్టలేం. రాత్రి నానబెడితే పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. స్కాట్లండ్‌లోని కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో 1994 నుంచి జావ వండే ప్రపంచ పోటీ జరుగుతోంది. ప్రధాన బహుమతికి ఓట్స్ ముక్కలు, నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ వాడకూడదు. బహుమతి పేరు గోల్డెన్ స్పర్టిల్. స్పర్టిల్ అంటే అక్కడివాళ్లు జావ కలిపే గుండ్రటి కర్ర. వెడల్పు గరిటెలా జావను ఈడ్చకుండా మధ్యలోంచి కోసుకుంటూ వెళ్తుంది, ఉండలు కట్టనివ్వదు. పప్పుగుత్తి కాడతో కలిపినా దాదాపు అదే పని అవుతుంది.

ఓట్స్‌లో ఉండలు అరుదు, రాగి జావలో అవే అసలు బెడద. కారణం పిండి సన్నగా ఉండటమే. పొడి పిండి మరిగే నీళ్లలో పడగానే ముద్ద పైభాగం వెంటనే ఉడికి జిగురు పొరగా మూసుకుంటుంది, ఆ పొర దాటి నీరు లోపలికి పోదు. ఎంత మరిగించినా ఉండ నడుమ పొడి పిండే మిగులుతుంది. అందుకే తెలంగాణలో తైదలనీ, ఉత్తరాంధ్రలో చోళ్లనీ పిలిచే రాగులతో ఎక్కడ జావ కాచినా పిండిని ముందు చల్లటి నీళ్లలో జారుగా కలుపుకుంటారు. రెండు పెద్ద చెంచాల పిండిని అర కప్పు నీళ్లలో కలిపి, ఇంకో గిన్నెలో మరుగుతున్న కప్పున్నర నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో కలుపుతూనే ఉండాలి. పోయడం ఆగాక కూడా ఒక నిమిషం దాకా కలపడం ఆపకూడదు.

రెండు నిమిషాలకే జావ చిక్కబడుతుంది, అది చూసి దించితే పచ్చి వాసన వదలదు. సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు ఉంచితే రంగు ముదురుతుంది, పైన మెరుపు వస్తుంది, వాసన మారుతుంది. ఈ మూడూ కనిపిస్తే ఉడికినట్టు. మజ్జిగ కలిపేది బాగా చల్లారాకే, వేడిలో వేస్తే పలుకులుగా విరుగుతుంది. మైక్రోవేవ్‌లో రాగి జావ కాయాలంటే ప్రతి అర నిమిషానికీ తలుపు తీసి కలపాలి. అంత శ్రమకన్నా స్టవ్ దగ్గర నిలబడటమే సులువు.

మిగిలిన జావను రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికి అది ముక్కగా కోసేంత గట్టిపడి ఉంటుంది. పాడైందని పారేయనక్కర్లేదు, పిండి చల్లారి అల్లుకుపోయిందంతే. దాన్ని చెంచాతో చిదిమి, నాలుగో వంతు నీళ్లో పాలో పోసి, సన్నటి మంట మీద కలుపుతూ పొగలు కక్కేదాకా వేడిచేస్తే మళ్లీ జారుగా వస్తుంది.