పెరిగే అవకాశంతో పనిలేని కాల్ ఆప్షన్ లెక్క

ఆప్షన్ల వైపు కొత్తగా చూసేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది "ఈ షేరు పెరిగే అవకాశం ఎంత?" అని. కాల్ ఆప్షన్ అంటే ముందే అనుకున్న ధరకు షేరు కొనుక్కునే హక్కు. షేరు పెరిగే అవకాశం ఎక్కువైతే హక్కు ఖరీదూ ఎక్కువే ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కాల్ ధర కట్టే లెక్కలో ఆ అవకాశం ఎక్కడా కనిపించదు. ఈ సంగతిని అతి తేలిగ్గా చూపించే పద్ధతి బైనామియల్ ట్రీ. విలియం షార్ప్ 1978లో తన పాఠ్యపుస్తకంలో దీన్ని చూపించారు. మరుసటి ఏడాది కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ పూర్తి పద్ధతిగా రాశారు.

హక్కును గడువు రోజున మాత్రమే వాడుకునే వీలుంటే అది యూరోపియన్ కాల్. ఎన్ఎస్ఈ స్క్రీన్ మీద CE అని కనిపించేది ఇదే.

ఒక షేరు ఇవాళ 500 రూపాయలు ఉందనుకుందాం. ఆరు నెలల తర్వాత అది 600 అయినా అవుతుంది, 400 అయినా అవుతుంది, మూడో ధర లేదు. స్ట్రైక్ ధర 500. ఆరు నెలలకు వడ్డీ 4 శాతం. అప్పు తీసుకున్నా, డిపాజిట్ చేసినా అదే రేటు. డివిడెండు లేదు. షేరు 600 అయితే కాల్ కొన్నవాడికి 100 రూపాయలు దక్కుతాయి, 400 అయితే ఏమీ దక్కదు.

ఇప్పుడు అమ్మేవాడి వైపు నుంచి చూద్దాం. అతను రెండు కాల్స్ అమ్మి, ఒక షేరు కొని దగ్గర పెట్టుకుంటాడు. షేరుకు కావలసిన 500లో 384 రూపాయల 62 పైసలు అప్పు తెస్తాడు. ఆరు నెలలకు వడ్డీతో కలిపి ఆ అప్పు సరిగ్గా 400 అవుతుంది. షేరు 600కు చేరితే దాన్ని అమ్మి, అప్పు తీర్చగా మిగిలేది 200. రెండు కాల్స్‌కు అతను ఇవ్వాల్సిందీ 200. షేరు 400కు పడితే అమ్మిన డబ్బు అప్పుకు సరిపోతుంది, కాల్స్‌కు ఇవ్వాల్సింది సున్నా. ఏది జరిగినా లెక్క తెగిపోతుంది, అతనికి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈ ఏర్పాటుకు అప్పు పోగా కావలసిన సొంత డబ్బు 115 రూపాయల 38 పైసలు. రెండు కాల్స్ ధర అదే కాబట్టి ఒక్కోదాని ధర 57 రూపాయల 69 పైసలు.

ఈ లెక్కంతటిలో షేరు పెరిగే అవకాశం ఎంతో మనం ఎక్కడా అడగలేదు.

అయినా ఒకాయన, షేరు పెరగడానికి 90 శాతం అవకాశం ఉందని గట్టిగా నమ్మాడనుకోండి. 100 రూపాయల్లో 90 శాతం తీసుకుని, వడ్డీ మేరకు తగ్గించి, కాల్ విలువ 86 రూపాయల 54 పైసలని తేల్చి ఆ ధరకు కొంటాడు. అతనికి రెండు కాల్స్ అమ్మినవాడి చేతికి 173 రూపాయల 8 పైసలు వస్తాయి. అందులో 115.38తో పై ఏర్పాటు చేసుకుంటే, మిగిలిన 57 రూపాయల 70 పైసలు ఆ రోజే అతని జేబులో పడతాయి. ఆరు నెలల తర్వాత ఏం జరిగినా అతని చేతి నుంచి పైసా పోదు. ఇలాంటి తేర సొమ్ము కనబడితే అందరూ అమ్మడానికి ఎగబడతారు, ధర దిగివస్తుంది. ఆ 90 శాతం నమ్మకం నిజంగా మార్కెట్లో అందరికీ ఉంటే షేరు ధర 500 దగ్గర ఆగి ఉండేదే కాదు. జనం ఆశలూ భయాలూ ముందే ఆ 500లో చేరిపోయాయి. వాటిని మళ్లీ కాల్‌లో కలిపితే ఒకే సంగతిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ప్రతిసారీ ఇలా షేర్లూ అప్పులూ కూర్చుకోకుండా ఒక దగ్గర దారి ఉంది. షేరు సగటున బ్యాంకు వడ్డీ మేరకే పెరుగుతుందని ఊహించుకుని, అందుకు పెరుగుదలకు ఎంత వాటా ఇవ్వాలో కనుక్కోవడమే ఆ దారి. దీన్నే రిస్క్-న్యూట్రల్ సంభావ్యత అంటారు. పెరిగితే 1.2 రెట్లు, పడితే 0.8 రెట్లు, వడ్డీతో 1.04 రెట్లు కాబట్టి

q = (1.04 − 0.8) / (1.2 − 0.8) = 0.6

సరిచూసుకుందాం. 600లో 60 శాతం, 400లో 40 శాతం కలిపితే 520. అంటే 500 మీద సరిగ్గా 4 శాతం. ఇదే 0.6తో కాల్‌ను లెక్కిస్తే 100లో 60 శాతం 60, దాన్ని 1.04తో భాగిస్తే మళ్లీ 57.69. ఈ 0.6 షేరు పెరుగుతుందన్న జోస్యం కాదు. షేరునూ అప్పునూ కలిపి చేసిన ఏర్పాటును లెక్కలోకి మార్చే సాధనం మాత్రమే. q సున్నా కంటే తక్కువో, ఒకటి కంటే ఎక్కువో వస్తే మనం పెట్టుకున్న ధరల్లోనే తప్పుందని అర్థం.

ఇప్పుడు గడువును ఏడాదికి పెంచి రెండు మెట్లు వేద్దాం. రెండో మెట్టుకు షేరు 720, 480, 320లలో ఒకటి అవుతుంది. ముందు పెరిగి తర్వాత పడినా, ముందు పడి తర్వాత పెరిగినా 480కే చేరుతుంది. 720 దగ్గర కాల్ విలువ 220, మిగతా రెండు చోట్లా సున్నా. ఇక చివరి నుంచి వెనక్కి రావాలి. షేరు 600 దగ్గరుంటే కాల్ విలువ 220లో 60 శాతాన్ని 1.04తో భాగించగా వచ్చే 126.92. షేరు 400 దగ్గరుంటే సున్నా. ఇంకో మెట్టు వెనక్కి వస్తే ఇవాళ్టి ధర 73 రూపాయల 22 పైసలు.

రెండో మెట్టుతో కొత్తగా ఒక పని వచ్చింది. ఒక కాల్ అమ్మినవాడు ఇవాళ 0.63 షేరు పెట్టుకోవాలి, షేరు 600కు చేరితే దాన్ని 0.92కు పెంచుకోవాలి. అదనపు షేర్లకు డబ్బు కాల్ కొన్నవాడిని అడగడు, అప్పే పెంచుకుంటాడు. పాత ఏర్పాటు విలువ అప్పటికి సరిగ్గా 126.92 ఉంటుంది, అక్కడినుంచి కొత్త ఏర్పాటుకు కావలసిందీ అంతే. మొదటి ధరలోనే అన్ని మార్పులకూ చోటుందంటే ఇదే అర్థం. బ్రోకరేజీ, పన్నులు పెరిగేకొద్దీ మాత్రం అమ్మేవాడికి ఈ సర్దుబాటు భారమవుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. మొదటి లెక్కలో షేరు 600 దగ్గర ఆగకుండా 700కు ఎగిరితే అప్పు పోగా అమ్మేవాడికి మిగిలేది 300, ఇవ్వాల్సింది 400. వంద రూపాయలు చేతి నుంచి పెట్టుకోవాలి. షేరు 300కు పడినా అంతే, అప్పుకు వంద తగ్గుతుంది. మధ్యలో ఎక్కడ ఆగినా ఇబ్బంది లేదు, గీసుకున్న హద్దులు దాటితేనే నష్టం. అందుకే మెట్లు ఎక్కువ, చిన్నవి వేసుకుంటారు. వాటి వెడల్పును షేరు ఎంతగా ఊగుతుందన్న అంచనా నుంచి తీసుకుంటారు. ఆ అంచనా అలాగే ఉంచి మెట్లు పెంచుకుంటూ పోతే జవాబు బ్లాక్-షోల్స్ సూత్రం చెప్పే ధరకు దగ్గరవుతుంది. ఒక్క రాత్రిలో షేరు కూలిపోతే మాత్రం ఎన్ని మెట్లు వేసినా సర్దుకునే వ్యవధి దొరకదు.

ఇవాళ్టి 500లో ఏ మార్పూ లేకుండా ఆ హద్దులు 650, 350 అయ్యాయనుకోండి. q 0.57 దగ్గరకు దిగుతుంది, కానీ కాల్ ధర 57.69 నుంచి 81.73కు చేరుతుంది. కాబట్టి కాల్ కొనే ముందు షేరు పెరుగుతుందా అని మాత్రమే కాదు, ఎంత ఊగుతుందని ఈ ధర అనుకుంటోందో, ఆ అంచనా మీకు సమ్మతమో కాదో కూడా చూసుకోండి.