స్థిరమైతే సెర్, మారేదైతే ఎస్తారా?

ఇంగ్లిష్‌లో ఒక్క 'బీ' చేసే పనిని స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అనే రెండు క్రియలు పంచుకుంటాయి. 'ఆయన, ఆమె, అది' అన్నప్పుడు సెర్ కాస్తా 'ఎస్' అవుతుంది, ఎస్తార్ 'ఎస్తా' అవుతుంది. కొత్తగా చేరినవాళ్లకు క్లాసులో ఒక సూత్రం చెబుతుంటారు: స్థిరమైనదానికి సెర్, మారేదానికి ఎస్తార్. ఈ సూత్రం ఎక్కువ దూరం రాదు. చావుకన్నా స్థిరమైనది ఏముంది? అయినా చనిపోయిన మనిషిని 'ఎస్తా మువెర్తో' అనే అంటారు. మాడ్రిడ్ ఎక్కడికీ కదలదు, దానికీ ఎస్తారే: 'మాడ్రిడ్ ఎస్తా ఎన్ ఎస్పాన్యా'. నిమిషనిమిషానికీ మారే టైముకేమో సెర్!

ఎస్తార్‌కు మూలం 'నిలబడు' అనే అర్థమున్న లాటిన్ క్రియ. అందుకే ఒక వస్తువు ఎక్కడుందో, మనిషి ఏ స్థితికి చేరాడో అది చెబుతుంది. చావు కూడా బతుకు తర్వాత చేరిన స్థితే. ఎవరు, ఏమిటి, ఎలాంటివాడు అన్నవి సెర్ వంతు.

తెలుగువాళ్లకు ఇక్కడో సదుపాయం ఉంది. 'ఆయన డాక్టర్' అంటాం, క్రియే అక్కర్లేదు. అక్కడ సెర్ వస్తుంది. 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అంటాం. అక్కడ ఎస్తార్. పాఠ్యపుస్తకాలు ప్రత్యేకంగా హెచ్చరించే చోట కూడా ఇది పనిచేస్తుంది. 'దోందె ఎస్ ఎల్ ఎగ్జామెన్?' అంటే 'పరీక్ష ఎక్కడ?' అని, ఏ గదిలో జరుగుతుందని. అదే 'దోందె ఎస్తా ఎల్ ఎగ్జామెన్?' అంటే ప్రశ్నపత్రం ఎక్కడుందని. జరిగే కార్యానికి సెర్, చేత్తో పట్టుకునే కాగితానికి ఎస్తార్.

విశేషణాల దగ్గర మాత్రం ఈ చిట్కా తడబడుతుంది. 'వాడు పొడుగ్గా ఉంటాడు' అని మనం 'ఉండు' వాడినా, అది వాడి తీరు కాబట్టి స్పానిష్‌లో 'ఎస్ ఆల్తో' అనాలి. ఏడాది తర్వాత వచ్చిన మేనత్త మేనల్లుణ్ణి చూసి 'క్వే ఆల్తో ఎస్తాస్!' అంటుంది. అంటే 'ఎంత పొడుగైపోయావురా!' అని. పిల్లాడు మళ్లీ పొట్టివాడు కాడు, కానీ ఆవిడ మనసులో ఉన్న పాత కొలతతో ఇప్పటి ఎత్తును పోల్చి చూస్తోంది. సూప్ నోట్లో పెట్టుకుని బాగుందనేటప్పుడు 'ఎస్తా రీకా' అనడమూ ఇలాంటిదే, ఇప్పుడు నాలుకకు తగిలిన రుచి అది. నన్నడిగితే, ఎస్తార్ సొగసంతా ఈ చూపులోనే ఉంది.

కొన్ని మాటలకు క్రియ మారితే అర్థమే తిరగబడుతుంది. బోర్ కొడుతోందని చెప్పాలంటే 'ఎస్తొయ్ అబుర్రీదో' అనాలి. కొత్తవాళ్లు తరచూ 'సొయ్ అబుర్రీదో' అనేస్తారు. దానర్థం 'నేను బోర్ కొట్టే మనిషిని' అని.